ఆ రెండు వేళ్ల ఖర్చు ఏ పద్దులో రాశారు?

‘ఈఎస్‌ఐ కడుతున్నాం కదండీ. ఆస్పత్రి వాళ్లదే, సెలవు జీతం వాళ్లదే, పింఛనూ వాళ్లదే. ఇక మన జేబులోంచి పోయిందేముంది?’

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో ఒక ప్రెస్ షాపు యజమాని నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయన దుర్మార్గుడేం కాదు. ప్రమాదం జరిగిన రాత్రి తన కారులోనే కుర్రాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాడు, తెల్లారేదాకా వరండాలోనే కూర్చున్నాడు. కానీ వారం తర్వాత మెషీన్లకు గార్డులు పెట్టించండి, లక్షన్నర పైన అవుతుంది అంటే మాత్రం ఈ ప్రశ్న వేశాడు. సేఫ్టీ ఆడిట్ల పని మీద తిరిగిన ఇన్నేళ్లలో ఇదే ప్రశ్న రకరకాల గొంతుల్లో విన్నాను. దీనికి నీతి పాఠం జవాబు కాదు. ఆయన అడిగింది లెక్క. లెక్కకు లెక్కే చెప్పాలి.

అందుకే ఆ లెక్క మొత్తం ఇక్కడ విప్పి చూపిస్తాను. ముందే ఒక మాట: నేను చూసిన రెండు మూడు యూనిట్ల కాగితాలను కలిపి ఒకే యూనిట్‌గా చెబుతున్నాను. చదివేవాళ్లకు కూడికలు సులువుగా ఉండాలని అంకెలను కాస్త సర్దాను. లెక్క వేసే తీరు మాత్రం అసలుదే.

యూనిట్‌లో అరవై మంది పనివాళ్లు, పన్నెండు పవర్ ప్రెస్సులు. మోటార్లకు, ఫ్యాన్లకు కావలసిన ఇనుప బ్రాకెట్లు కొడతారు. అన్నింటిలోకీ ఎక్కువ పని 100 టన్నుల ప్రెస్సుది. రోజుకు ఆరు వేల పీసులు. కట్ చేసిన ఇనుప బిళ్లను ఆపరేటర్ చేత్తో డై మీద పెడతాడు, కాలితో పెడల్ నొక్కుతాడు, పైనుంచి పంచ్ దిగి బిళ్లను వంచి పైకి పోతుంది. మళ్లీ చేత్తో తీయడం, ఇంకోటి పెట్టడం. అంటే షిఫ్టు మొత్తంలో కొన్ని వేల సార్లు ఆ కుర్రాడి చేయి పంచ్ కిందికి పోయి రావాలి.

ఇది పాతకాలపు పిన్ క్లచ్ ప్రెస్సు. చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. పెడల్ నొక్కితే ఒక కీ లేచి చక్రాన్ని ఇరుసుకు కలుపుతుంది. ఒకసారి కలిస్తే పూర్తి చుట్టు తిరగాల్సిందే, మధ్యలో ఆపడం బ్రహ్మతరం కాదు. చుట్టు పూర్తయ్యాక కీ విడిపోవాలి. కీ అంచు అరిగినా, స్ప్రింగ్ విరిగినా అది విడిపోదు. పెడల్ మీద కాలు లేకపోయినా పంచ్ రెండోసారి దిగుతుంది. పనివాళ్ల భాషలో ‘డబుల్ కొట్టింది’ అంటారు. రాత్రి పదింబావుకు, ఇరవయ్యారేళ్ల ఆపరేటర్ వంగిన పీసు తీయబోతుండగా ప్రెస్సు డబుల్ కొట్టింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి.

మెయింటెనెన్స్ పుస్తకం తిరగేస్తే, మూడు వారాల ముందే రెండుసార్లు రాసి ఉంది: ‘100 టన్ డబుల్ పడుతోంది, చూడాలి.’ కొత్త కీ, స్ప్రింగ్ కలిపి రెండున్నర వేలు. ఆ ప్రెస్సుకు ఒకప్పుడు గార్డు కూడా ఉండేది. పెద్ద డై పట్టడం లేదని విప్పి గోడకు ఆనించారు. దాని మీద దుమ్ము చూస్తేనే తెలుస్తుంది, విప్పింది నిన్నా మొన్నా కాదని.

మళ్లీ యజమాని ప్రశ్నకు వద్దాం. ఒక విధంగా ఆయన అన్నది నిజమే. ఈఎస్‌ఐ కింద యాజమాన్యం జీతంలో 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. ప్రమాదాలు జరిగినా, జరగకపోయినా అంతే. జర్మనీలోనో అమెరికాలోనో అయితే ప్రమాదాలు ఎక్కువైన కంపెనీకి బీమా ప్రీమియం పెరుగుతుంది. అంటే ఏడాది తిరిగేసరికి తప్పు తన బిల్లు తానే పంపుతుంది. మన దగ్గర ఆ బిల్లు రాదు. పదేళ్లపాటు ఒక్క గోరు కూడా ఊడని ఫ్యాక్టరీకీ, ఏటా ఇద్దరి వేళ్లు తెగే ఫ్యాక్టరీకీ ఒకటే రేటు. కంటికి కనిపించే ఖర్చును ఈఎస్‌ఐ మింగేస్తోంది కాబట్టి, యజమానికి ప్రమాదం ఉచితంగా జరిగినట్టు అనిపిస్తుంది.

ఉచితమేం కాదు. ఖర్చు ఉంది, ‘ప్రమాదం’ అన్న పేరుతో లేదంతే. వేరే వేరే పద్దుల్లోకి చెదిరిపోయి ఉంది. దాన్ని పట్టుకోవాలంటే సేఫ్టీ పుస్తకాలు కాదు, లెడ్జరు కావాలి. ఆ మూడు నెలల ఓచర్లు ముందేసుకుని అకౌంట్స్ మేనేజరు పక్కన ఒక మధ్యాహ్నం కూర్చున్నాను.

మొదట దొరికింది ‘సిబ్బంది సంక్షేమం’ పద్దులో. ఆ రాత్రి ఈఎస్‌ఐ ఆస్పత్రికి కాకుండా దగ్గరలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్‌కు 85 వేలు కంపెనీయే కట్టింది. కుటుంబం ఊరి నుంచి వచ్చాక చేతికిచ్చింది 50 వేలు. యజమాని దృష్టిలో ప్రమాదం ఖర్చంటే ఈ లక్షా 35 వేలే. అది కూడా ఖర్చుగా కాదు, తన మంచితనంగా గుర్తుంది.

ఆ తర్వాతవి వెతికితే గాని దొరకలేదు. ప్రెస్సు నాలుగు రోజులు ఆగింది. పోలీసులు వచ్చారు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఆ ప్రెస్సు ముందు కూర్చోవడానికి రెండు రోజులు ఎవరూ ఒప్పుకోలేదు. నాలుగు రోజులంటే 24 వేల పీసులు. కస్టమర్‌కు తేదీ ఇచ్చేశారు కనుక ఆదివారాలు ఓవర్‌టైం నడిపి కొన్ని కొట్టారు. రెట్టింపు కూలీ కింద అదనంగా పడింది 18 వేలు. అది ‘జీతాలు’ పద్దులో ఉంది. పది వేల పీసులు పక్క వీధిలోని ఇంకో ప్రెస్ షాపుకు ఇచ్చారు. పీసుకు మూడు రూపాయలు ఎక్కువ, అంటే 30 వేలు. అది ‘జాబ్ వర్క్’లో ఉంది. అయినా ఆలస్యమైతే చివరి లాట్‌ను ప్రత్యేకంగా బండి మాట్లాడి చెన్నై పంపారు. రోజువారీ లారీ కిరాయి కంటే 28 వేలు ఎక్కువ. అది ‘రవాణా’లో ఉంది. గందరగోళంలో బిళ్ల అడ్డంగా ఇరుక్కుని పంచ్ అంచు చిట్లింది. బాగుచేయించడానికి 22 వేలు, ‘టూల్ రూం’ పద్దు. కొత్త ఆపరేటర్‌కు చేయి తిరిగేదాకా పాడైన పీసులు 25 వేల రూపాయల విలువైనవి. అవి ‘స్క్రాప్’ లెక్కలో కలిసిపోయాయి. వకీలు ఫీజు, కోర్టు జరిమానా కలిపి 60 వేలు. అది ‘ప్రొఫెషనల్ చార్జీలు’ కింద ఆదాయపు పన్ను సలహాదారు ఫీజు పక్కన కూర్చుని ఉంది.

మొత్తం 3 లక్షల 18 వేలు. ప్రతి రూపాయికీ ఓచరు ఉంది. యజమాని అనుకున్న దానికి రెండింతల పైమాటే.

ఇక్కడే చాలామంది సేఫ్టీ ఆఫీసర్లు తప్పటడుగు వేస్తారు. అంకె పెద్దది కావాలన్న తాపత్రయంలో కనిపించినదల్లా కూడేస్తారు. ఆ రాత్రి పద్నాలుగు మంది పని ఆపి మూడు గంటలు నిలబడ్డారు కదా, ఆ జీతం వేద్దాం. సూపర్‌వైజరు స్టేషన్ చుట్టూ, ఈఎస్‌ఐ ఆఫీసు చుట్టూ తిరిగాడు కదా, ఆ గంటలు వేద్దాం. అలా ఇంకో 23 వేలు వచ్చింది. అకౌంట్స్ మేనేజరు పెన్ను కింద పెట్టి అడిగాడు: ‘ప్రమాదం జరక్కపోతే ఆ సూపర్‌వైజరు జీతం మిగిలేదా సార్?’

మిగిలేది కాదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నెల జీతగాడి సమయం పోవడం నష్టమే కానీ, అదనంగా నగదు బయటికి పోలేదు. అందుకే రెండు గడులు గీశాం. ఒకదాంట్లో ఓచరు ఉన్నవి, రెండోదాంట్లో ఊహించి కట్టినవి. రెండోదాన్ని చూపిస్తాం కానీ మొదటిదాంట్లో కలపం. అలాగే ఆగిపోయిన 24 వేల పీసుల లాభాన్నీ వేసి, వాటిని తిరిగి కొట్టించడానికైన ఓవర్‌టైమునూ వేస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఆర్డరు పోలేదు, ఆలస్యంగానైనా సరుకు వెళ్లింది. కాబట్టి ఓవర్‌టైము, జాబ్ వర్క్, కిరాయి మాత్రమే. ఇలాంటి తప్పు ఒక్కటి దొరికితే చాలు, మొత్తం కాగితాన్నే పక్కన పడేస్తారు.

నష్టం ఎంతో తేలనివి కొన్ని మిగిలిపోయాయి. ఒక మోటార్ల కంపెనీ కొత్త పార్టు ఇవ్వాలనుకుని, ప్రమాదం సంగతి తెలిసి ‘తర్వాత చూద్దాం’ అంది. అది దీనివల్లేనా, ధర వల్లా? ఎవరికీ తెలియదు. ఆ వరుసలో సున్నా వేసి, పక్కన ఒక వాక్యం రాసి వదిలేశాం. ఆ సున్నా వల్లే మిగతా అంకెల మీద నమ్మకం కుదిరిందని నా అనుమానం.

పైకి కనిపించే ఖర్చు రూపాయైతే దాగిన ఖర్చు నాలుగు రూపాయలని సేఫ్టీ శిక్షణల్లో చెబుతుంటారు. మంచుకొండ బొమ్మ కూడా వేస్తారు. అమెరికాలో ట్రావెలర్స్ బీమా కంపెనీలో పనిచేసిన హైన్రిచ్ దాదాపు వందేళ్ల కిందట వేసిన లెక్క అది. 1931లో వచ్చిన ఆయన పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. తర్వాత బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా శాఖ ఒక నిర్మాణ స్థలం, పాల ఉత్పత్తుల కర్మాగారం, రవాణా కంపెనీ, సముద్రంలోని చమురు వేదిక, ఆస్పత్రి వంటి చోట్ల కూర్చుని లెక్కగట్టి 1993లో ప్రచురించింది. బీమాకు కట్టే ఒక పౌండుకు, బీమా భరించని నష్టం 8 నుంచి 36 పౌండ్ల దాకా ఉందని తేలింది. 8కీ 36కీ మధ్య ఎంత దూరమో చూడండి. పని స్వభావం మారితే నిష్పత్తి మారిపోతుంది. అమెరికాలో ఎప్పుడో పుట్టిన నాలుగింతలను తెచ్చి మన ప్రెస్ షాపు లెక్కలో గుణించడం జాతకం చెప్పడం లాంటిదే. పైగా మన యజమాని విషయంలో కనిపించే ఖర్చు సున్నా అనుకుంటున్నాడు. సున్నాను నాలుగుతో గుణిస్తే ఎంత? సొంత ఓచర్లను మించిన సాక్ష్యం లేదు.

ఒక ప్రమాదం ఖర్చు తేలింది. ఇలాంటివి ఎన్నాళ్లకొకటి? గాయాల రిజిస్టర్లో ఆరేళ్లలో వేళ్లు పోయినవి మూడు. చిన్న గాయాలు మాత్రం ఆశ్చర్యంగా తక్కువ, ఏడాదికి రెండో మూడో. స్టోర్స్‌లో ఫస్ట్ ఎయిడ్ సామాను కొన్న బిల్లులు అడిగాను. గాజుగుడ్డ, బ్యాండేజీలు, బెటాడిన్ సీసాలు నెలనెలా కొంటూనే ఉన్నారు. ఏడాదికి మూడు గాయాలైతే అన్ని బ్యాండేజీలు ఎవరికి కట్టినట్టు? ‘ప్రమాదాలు లేని నెల’కు సెక్షన్ మొత్తానికీ బోనస్ ఇస్తారట. గాయమైనవాడు రాయించుకుంటే తోటివాళ్ల బోనస్ పోతుంది. అందుకని రిజిస్టర్ దాకా రాకుండానే కట్టు కట్టేస్తున్నారు. అలాంటి రిజిస్టర్‌ను చూసి యాజమాన్యం ‘ప్రమాదాలు తగ్గాయి’ అని సేఫ్టీ ఖర్చు కోసేస్తుంది. బిల్లులతో సరిచూసుకుని, చిన్న గాయాల వల్ల పోయే మందులు, సెలవులు, పాడైన పీసులు ఏడాదికి 41 వేలుగా లెక్కవేశాం. పెద్దవి ఆరేళ్లలో మూడు కనుక, ఏడాదికి సగం ప్రమాదం, 3.18 లక్షల్లో సగం 1.59 లక్షలు. రెండూ కలిపితే ఏటా రెండు లక్షలు. ఏమీ చేయకుండా ఊరుకోవడానికి ఆ కంపెనీ కడుతున్న అద్దె అది.

ఇప్పుడు రెండో వైపు. ఏం కొనాలి? యజమాని ఎక్కడో చూసి లైట్ కర్టెన్ పెడదామన్నాడు. కనిపించని కాంతి తెర అది. చేయి అడ్డొస్తే మెషీన్ ఆగిపోతుంది. చక్కటి వస్తువే. కానీ పిన్ క్లచ్ ప్రెస్సు మధ్యలో ఆగదని చెప్పుకున్నాం. చేయి అడ్డొచ్చిందని కాంతి తెర ఎంత గొంతు చించుకున్నా, మొదలైన చుట్టు పూర్తయ్యే తీరుతుంది. లక్షలు పోసి అలంకారం కొన్నట్టే. ఇలాంటి ప్రెస్సులకు లైట్ కర్టెన్ తగిలించి ‘సేఫ్’ అని పచ్చ స్టిక్కర్ అంటించిన యూనిట్లు చూశాను. ఏమీ లేనిదానికంటే అది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆపరేటర్ దాన్ని నమ్ముతాడు.

పిన్ క్లచ్‌కు పనికొచ్చేది చేయి అసలు లోపలికి పోకుండా చూసే ఏర్పాటే. డై చుట్టూ బిగించిన జాలీ గార్డు, బిళ్లను బయట పెట్టి లోపలికి తోసే చిన్న స్లైడు, ఇరుక్కున్న పీసు లాగడానికి పట్టుకారు. ప్రెస్సుకు 13 వేల చొప్పున పన్నెండింటికి 1.56 లక్షలు. గార్డు పెడితే మొదట్లో పని నెమ్మదిస్తుంది. దాన్ని దాచకూడదు. అలవాటయ్యేదాకా తగ్గే ఉత్పత్తికి 24 వేలు వేశాం. మొత్తం పెట్టుబడి 1.80 లక్షలు. డై మారినప్పుడల్లా స్లైడు మార్చడం, విరిగిన జాలీలు, క్లచ్ కీలను లెక్క ప్రకారం మార్చడం కలిపి ఏడాదికి 40 వేలు. గార్డులు ప్రమాదాలన్నింటినీ ఆపవు. డై బిగించేటప్పుడు, సెట్ చేసేటప్పుడు విప్పక తప్పదు. అందుకని నష్టంలో 80 శాతమే తగ్గుతుందనుకున్నాం. రెండు లక్షల్లో 1.60 లక్షలు మిగిలాయి, నిర్వహణకు 40 వేలు పోయాయి, నికరంగా ఏటా 1.20 లక్షలు. పెట్టిన 1.80 లక్షలు ఏడాదిన్నరలో తిరిగొస్తాయి.

ఇంతవరకు లెక్క మన పక్షమే. ప్రతిసారీ అలా ఉండదు. 100 టన్నుల ప్రెస్సుకు పిన్ క్లచ్ తీసేసి, మధ్యలో ఆగగలిగే న్యూమాటిక్ క్లచ్, రెండు చేతులతో నొక్కే బటన్లు, అప్పుడు లైట్ కర్టెన్ పెడితే అసలైన పరిష్కారం. నాలుగు లక్షలు. కానీ గార్డులు పెట్టాక ఏటా మిగిలే నష్టం 40 వేలే. అది మొత్తం తగ్గినా పదేళ్లు పడుతుంది. తగ్గేది అందులో ఒక్క ప్రెస్సు వాటానే. ప్రమాదాల లెక్క మీద ఈ ఖర్చు నిలబడదు. దాన్ని ఎలాగోలా నిలబెట్టాలని అంకెలు వంచే సేఫ్టీ ఆఫీసర్ తన ఉద్యోగంలో ఒక్కసారే అబద్ధం ఆడగలడు.

అసలు ఈ లెక్కకున్న హద్దు కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇందులో ఉన్నదంతా కంపెనీ నష్టమే. ఆ కుర్రాడి జీతం నెలకు 18 వేలు. ఒక చేతి రెండు వేళ్లు పోతే అప్పటికి అమల్లో ఉన్న ఈఎస్‌ఐ చట్టం షెడ్యూలు ప్రకారం సంపాదన సామర్థ్యంలో 20 శాతం నష్టం. పూర్తి వైకల్యానికి వచ్చేది జీతంలో సుమారు 90 శాతం. అందులో ఐదో వంతు, అంటే నెలకు 3,240 రూపాయలు బతికున్నంత కాలం వస్తాయి. కుడిచేత్తో మళ్లీ ప్రెస్సు పని దొరకదు. ఆ తేడా అంతా ఆ ఇంటి లెడ్జరులో పడుతుంది, కంపెనీ లెడ్జరులో కాదు. లాభనష్టాల పట్టిక ఎంత నిజాయితీగా వేసినా అది వేసినవాడి వైపు నుంచే కనిపిస్తుంది. కదిలే యంత్ర భాగాలకు కంచె ఉండాలన్న నిబంధనను చట్టం అందుకే యజమాని లాభానికి వదల్లేదు. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ అదే చెప్పింది. గిట్టుబాటైతేనే పెట్టమని అందులో లేదు. కాబట్టి చట్టం చెప్పిన పనికి ‘ఏడాదిన్నరలో తిరిగొస్తుంది’ అని బతిమాలకూడదు. అది చేయాల్సిన పని, పైగా గిట్టుబాటు కూడా అని చెప్పాలి. వరుస ముఖ్యం.

లెక్క పూర్తిగా చేతులెత్తేసే చోటు ఇంకొకటి ఉంది. ఎప్పుడో ఒకసారి జరిగే మహా ప్రమాదం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ లోలోపలే వేడెక్కింది. దాన్ని అదుపులో ఉంచే రసాయనం చాలినంత లేదు. ట్యాంకు పైభాగం వేడిని చూపే సెన్సర్లు లేవు. రసాయనం డ్రమ్ములు, నాలుగు సెన్సర్లు ఆ స్థాయి కంపెనీకి చిల్లర ఖర్చు. ‘ఇది జరిగే అవకాశం వెయ్యిలో ఒకటి’ అని గుణిస్తే ఏటా వచ్చే నష్టం ఎంతో చిన్నదిగా తేలుతుంది. తర్వాత జరిగింది: జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుగా 50 కోట్లు జమ చేయమంది. నిల్వ ఉన్న దాదాపు 13 వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో దక్షిణ కొరియాకు వెనక్కి పంపాల్సి వచ్చింది. ప్లాంటు మూతపడింది. ఇలాంటి చోట సగటు లెక్క వేయడమే తప్పు. యాజమాన్యాన్ని అడగాల్సింది ఒక్కటే: అది జరిగిన మర్నాడు ఈ కంపెనీ ఉంటుందా?

ఇక సమావేశం. ముందు నేను చూసిన ఓటమి చెబుతాను. ఒక సేఫ్టీ ఆఫీసర్ నలభై స్లయిడ్లతో వెళ్లాడు. మొదటి పదిహేను తెగిన చేతుల ఫొటోలు. డైరెక్టర్లలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు, ఇంకొకాయన ఫోన్ తీశాడు. చివరి స్లయిడ్‌లో ‘సేఫ్టీకి 25 లక్షలు’ అని ఉంది. ఏ మెషీనుకు, ఎన్నాళ్లలో, పెట్టకపోతే ఏమవుతుంది అన్నవేవీ లేవు. టీ తాగి లేచారు.

ప్రెస్ షాపులో మేం తీసుకెళ్లింది ఒక్క కాగితం. దాన్ని చదివింది నేను కాదు, అకౌంట్స్ మేనేజరు. అంకెలు ఆయనవి, ఓచరు నంబర్లు పక్కనే ఉన్నాయి. సేఫ్టీ వాడు ఖర్చు పెంచి చెబుతాడని యజమానికి అనుమానం ఉండొచ్చు. తన అకౌంటెంట్ మీద ఆ అనుమానం రాదు. కాగితం మీద మూడు దారులు: ఏమీ చేయకపోతే ఏటా రెండు లక్షలు, గార్డులు పెడితే 1.80 లక్షలు, ఏడాదిన్నరలో తిరిగి. గార్డులతోపాటు 100 టన్నుల ప్రెస్సుకు క్లచ్ మార్పు, ఇంకో నాలుగు లక్షలు, అది ప్రమాదాల లెక్క మీద తిరిగిరాదని రాసే ఉంది. మూడోదాన్ని అలా ఒప్పుకోవడం చూసి యజమాని తలెత్తాడు. అప్పటిదాకా ఆయన కాగితాన్నే చూస్తున్నాడు.

కింద ఒకే ఒక వాక్యం ఆయన భాషలో రాశాం. కంపెనీకి అమ్మకాల్లో మిగిలేది నూటికి నాలుగు రూపాయలు. 3.18 లక్షలు సంపాదించాలంటే 79 లక్షల 50 వేల సరుకు అమ్మాలి. పీసు ఇరవై రూపాయలు, అంటే దాదాపు నాలుగు లక్షల పీసులు. అదే ప్రెస్సు 66 రోజులు నడవాలి. ఒక్క రాత్రి ప్రమాదాన్ని పూడ్చడానికి ఆ మెషీన్ రెండు నెలల పైన ఊరికే తిరిగింది.

‘రెండు నెలలా?’ అన్నాడు యజమాని. ప్రొడక్షన్ మేనేజరు వైపు చూశాడు. ఆయన తలూపాడు.

ఒక ప్రశ్న మాత్రం గట్టిగా అడిగాడు: ‘గార్డు పెట్టాక మళ్లీ విప్పి గోడకు ఆనిస్తే?’ సరైన ప్రశ్న, దానికి జవాబు డబ్బుతో లేదు. డై మార్చాక గార్డు బిగించనిదే ప్రెస్సు స్టార్ట్ కాకుండా తాళం స్విచ్ పెట్టాలని, వారానికోసారి సూపర్‌వైజరు కాకుండా ప్రొడక్షన్ మేనేజరే తిరిగి చూడాలని రాసుకున్నాం. ‘ప్రమాదాలు లేని నెల’ బోనస్ తీసేసి, డబుల్ పడుతోందని రాసి ప్రెస్సు ఆపినవాడికి ఆ రోజు జీతం తగ్గించరాదన్న నియమం పెట్టారు. దీనికి పైసా ఖర్చు లేదు. బహుశా అన్నింటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

గార్డులకు ఆ వారమే ఆర్డరు వెళ్లింది, నలభై రోజుల్లో పన్నెండు ప్రెస్సులకూ బిగించారు. నాలుగు లక్షల క్లచ్ మార్పును ఆ ఏడాది పక్కన పెట్టారు. రెండో ఏడాది పాత క్లచ్ ఎలాగూ ఓవర్‌హాల్‌కు వచ్చింది. బాగుచేయడానికి లక్షా ఇరవై వేలు అన్నారు. అంటే కొత్త క్లచ్‌కు అదనంగా పడేది రెండు లక్షల ఎనభై వేలే. అకౌంట్స్ మేనేజరే పాత కాగితం తీసి యజమాని బల్ల మీద పెట్టాడు. ఆ నెలలోనే మార్చారు.